జూన్ 28న మీ గదిలో ఇచ్చిన మాట గురించి, ప్రిన్సిపాల్ గారికి

కుషాయిగూడ, హైదరాబాద్
జూలై 12, 2025

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ మేడమ్ గారికి,

నమస్కారం. నేను మీ బడిలో 8వ తరగతి బి సెక్షన్‌లో చదువుతున్న అమ్మాయి తల్లిని. జూన్ 28, శనివారం ఉదయం నేనూ మా తమ్ముడూ మీ గదికి వచ్చి పాప ఫీజు రాయితీ గురించి మాట్లాడాం. ఆ రోజు మీరు ఇచ్చిన మాటను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టి, మీతో సరే అనిపించుకోవడానికే ఈ ఉత్తరం. రెండు కాపీలు తెచ్చాను. ఒకటి మీకు, రెండోది ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని నా దగ్గర పెట్టుకోవడానికి. బడి పేరు, పాప పేరు తీసేసి ఇదే ఉత్తరాన్ని బయట కూడా పెడుతున్నాను. మా వీధిలో ఇంకో ముగ్గురు తల్లులకు వాళ్ళ పిల్లల బడుల్లో ఇలాగే నోటిమాటగా రాయితీ చెప్పారు. కాగితం మీద ఎలా రాయించుకోవాలో తెలియక వాళ్ళు నన్ను అడుగుతున్నారు. అందుకే దీన్ని బహిరంగంగా రాస్తున్నాను తప్ప మీ మీద ఫిర్యాదుగా కాదు.

మా ఇంటి సంగతి మీకు తెలుసు. పాప వాళ్ళ నాన్న చర్లపల్లిలో లేత్ మెషిన్ మీద పనిచేసేవారు. పోయిన నవంబరులో ఆయన పోయారు. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్ చూస్తాను. ఇప్పుడు ఇల్లు గడిచేది నా ఒక్క జీతంతోనే. జూన్‌లో బడి తెరిచినప్పుడు మొదటి టర్మ్ 20,000 రూపాయలు ఎలాగో కట్టేశాను. మిగతా ఏడాది కట్టలేనని తెలిసి, టీసీ తీసుకుని పాపను జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్పిద్దామనుకున్నాను. అక్కడి హెడ్‌మాస్టర్ గారు చేర్చుకుంటామన్నారు కూడా. ఆ రోజు మీ గదికి నేను వచ్చింది టీసీ దరఖాస్తుతోనే. అది ఇంకా నా బ్యాగులోనే ఉంది. "మంచిగ చదివే పిల్ల, ఎందుకమ్మా తీసుకెళ్తవు, ఫీజు సంగతి నేను చూస్తా" అని మీరు అన్నాకే దాన్ని వెనక్కి పెట్టుకున్నాను.

ఈ సంగతి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మా సెంటర్‌కి వచ్చే ఒక లాయరు గారిని అడిగాను. ప్రతిఫలం ఏమీ లేకుండా ఊరికే ఇచ్చిన మాటను 1872 నాటి కాంట్రాక్టు చట్టం మామూలుగా ఒప్పందంగా లెక్కించదట. కానీ ఆ మాట నమ్మి అవతలి మనిషి చేతిలో ఉన్న ఇంకో దారిని వదులుకుంటే, మాట ఇచ్చినవాళ్ళు తర్వాత వెనక్కి తగ్గడం అంత తేలిక కాదట. మీరు వెనక్కి తగ్గుతారని నేను అనుకోవడం లేదు. మీ మాట మీద నేను ఏం వదులుకున్నానో మీ ఫైల్లో ఉండాలని మాత్రం కోరుకుంటున్నాను.

మీటింగ్ మొదట్లోనే "మేడమ్, తర్వాత నాకు గుర్తుండదు, రికార్డు చేసుకోనా" అని అడిగాను. "పెట్టుకోమ్మా, దాందేముంది" అన్నారు. మీ టేబుల్ మీద, చాక్‌పీస్ డబ్బా పక్కన ఫోన్ పెట్టాను. మీరు నాకు అనుమతి ఇచ్చిన మాట కూడా రికార్డింగులో మొదటి నిమిషంలోనే ఉంది. మొత్తం 22 నిమిషాలు. ఆ ఫైలును నేను కత్తిరించలేదు, పేరు మార్చలేదు, ఇంకెవరికీ పంపలేదు, పంపను కూడా. అందులో పాప వాళ్ళ నాన్న గురించి నేను ఏడ్చిన మాటలు ఉన్నాయి, మీ సొంత విషయాలు రెండు ఉన్నాయి. అవి ఊళ్ళో తిరగడం నాకు ఇష్టం లేదు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం ప్రకారం ఇలాంటి ఫైలును ఎక్కడైనా చూపాలంటే 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ జతచేయాలని లాయరు గారు చెప్పారు. అంత దూరం వెళ్ళాలని నాకు లేదు. మీరు వినాలనుకుంటే ఎప్పుడైనా ఫోన్ తెచ్చి మీ ముందే వినిపిస్తాను.

ఇక మీరు ఇచ్చిన మాట. ఇంట్లో కూర్చుని మూడుసార్లు విని, నిమిషాలతో సహా రాసుకున్నాను.

9వ నిమిషంలో మీరు "ఫీజులో సగం తగ్గిస్తం" అన్నారు. ఏ ఫీజులో అన్నది అక్కడ లేదు. ఈ సంవత్సరం మీరు ఇచ్చిన ఫీజు కార్డులో ట్యూషన్ ఫీజు 48,000, ల్యాబు, కంప్యూటర్, పరీక్షల ఖర్చు కలిపి 8,000, మొత్తం 56,000 రూపాయలు. పుస్తకాలు విడిగా కొన్నాం. బస్సు మాకు లేదు, పాప నడిచే వస్తుంది. 9వ నిమిషం మాటనే పట్టుకుంటే నేను కట్టాల్సింది 28,000. కానీ 14వ నిమిషంలో నేను మళ్ళీ అడిగితే "ట్యూషన్ ఫీజులో సగం, మిగతావి మాత్రం కట్టాలె" అని మీరు స్పష్టంగా చెప్పారు. నాకు నాలుగు వేలు ఎక్కువ పడినా, తర్వాత చెప్పిన ఆ స్పష్టమైన మాటనే నేను లెక్కలోకి తీసుకుంటున్నాను. అంటే ట్యూషన్ 24,000, మిగతావి 8,000, కలిపి ఈ ఏడాదికి 32,000. జూన్ 12న కట్టిన 20,000 తీసేస్తే ఇంకా 12,000 ఉంది. దాన్ని దసరా సెలవుల తర్వాత అక్టోబరు 10 లోపు ఆరు వేలు, సంక్రాంతి తర్వాత జనవరి 20 లోపు ఆరు వేలు కట్టమన్నారు. 16వ నిమిషంలో మా తమ్ముడు ఈ లెక్కంతా పైకి చదివితే మీరు "అంతే" అన్నారు.

17వ నిమిషంలో మీరు కరస్పాండెంట్ గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. మా సంగతి చెప్పి, ట్యూషన్ సగం అనుకుంటున్నామన్నారు. ఆయన "సరే మేడమ్, చేయండి" అన్నది వినపడుతోంది. ఇది నాకు చాలా ముఖ్యం. రేపు ఎవరైనా "ప్రిన్సిపాల్ గారికి ఆ అధికారం లేదు" అంటే, యాజమాన్యం కూడా ఒప్పుకుందని చెప్పడానికి ఆ ఒక్క మాటే ఆధారం. అందుకే ఆర్డర్ కాగితం మీద ఆయన సంతకం కూడా ఉండాలని కోరుతున్నాను.

19వ నిమిషంలో ఇంకో మాట ఇచ్చారు. వాయిదా ఎప్పుడైనా ఆలస్యమైతే నాకే ఫోన్ చేస్తామని, పాపను క్లాసులో నిలబెట్టడం గానీ, పేరు చదవడం గానీ, పరీక్ష రాయనివ్వకపోవడం గానీ ఉండదని చెప్పారు. మార్కులకీ రాయితీకీ సంబంధం లేదని కూడా అన్నారు. ఫీజు కోసం పాపను అవమానించబోమన్న ఆ మాట నాకు డబ్బు కంటే పెద్దది. నిజానికి ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లోనే ఉంది. కానీ ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల గురించి. మా పాప తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి ఆ వయసు దాటుతుంది. అప్పుడు మీరిచ్చిన ఈ మాటే ఆమెకు దిక్కు. అందుకే అది కూడా రాతలో ఉండాలి.

రికార్డింగులో సరిగా తేలనివి కూడా దాచకుండా చెబుతాను. 20వ నిమిషంలో "పదో తరగతి అయ్యేదాకా ఇదే రాయితీ" అని మీరు అంటుండగా పీరియడ్ గంట మోగింది. "ఇదే రాయితీ" వరకు వినిపిస్తోంది. ఆ తర్వాత అన్న నాలుగైదు మాటలు గంట మోతలో పోయాయి. ఎంత పెద్ద సౌండు పెట్టి విన్నా తెలియలేదు. "ఇదే" అంటే ఏమిటన్నదే నా టెన్షన్. సగం అనా, లేక 24,000 రూపాయలనా? ఇప్పుడు రెండూ ఒకటే. వచ్చే ఏడాది ట్యూషన్ ఫీజు 54,000 చేశారనుకోండి, సగం అయితే నేను 27,000 కట్టాలి, 24,000 తగ్గింపు అయితే 30,000 కట్టాలి. పదో తరగతిలో తేడా ఇంకా పెరుగుతుంది. నేను సగం అనే అర్థం చేసుకున్నాను, ఎందుకంటే ఆ రోజు ముందు నుంచీ మన మాట సగం మీదే నడిచింది. మీ ఉద్దేశం అది కాకపోతే ఇప్పుడే చెప్పండి, నేను దానికి తగ్గట్టు చూసుకుంటాను.

రెండోది, "రోజూ బడికి పంపండి, హాజరు తగ్గొద్దు" అన్నారు. అది తల్లికి చెప్పే మంచిమాటగా తీసుకున్నాను. రాయితీకి అది షరతు అయితే ఎంత శాతమో రాయండి. అంకె లేని షరతు ఉంటే, రేపు జ్వరం వచ్చి పది రోజులు రాకపోయినా రాయితీ పోయిందనే మాట రావచ్చు.

మూడోది మనం ఆ రోజు అసలు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోని దాన్ని మీరు ఇచ్చిన మాటల్లో కలపడం న్యాయం కాదు కాబట్టి విడిగా అడుగుతున్నాను. ఏదైనా కారణంతో మేము మధ్యలో ఊరు మారితే, టీసీ ఇచ్చేటప్పుడు అప్పటిదాకా తగ్గించిన డబ్బు తిరిగి కట్టమంటారా? కట్టమనకూడదని నా విన్నపం. ఒప్పుకుంటే ఒక వాక్యం రాయండి, ఒప్పుకోకపోతే అది కూడా రాయండి.

ఇంతకీ ఈ ఉత్తరం ఇప్పుడే ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పాలి. జూలై 7, సోమవారం సాయంత్రం బడి యాప్‌లో `Fee Due: Rs. 36,000` అని వచ్చింది. అంటే రాయితీ ఏమీ పడలేదు, 56,000 లోంచి 20,000 తీసేసిన లెక్క అది. మర్నాడు క్లాసులో బకాయి ఉన్నవాళ్ళ పేర్లు చదివితే అందులో మా పాప పేరు కూడా ఉందట. ఇంటికొచ్చి బ్యాగు కూడా దించకుండా "అమ్మా, మేడమ్ తగ్గిస్తానన్నారని చెప్పావు కదా" అని అడిగింది. టీచరమ్మ తప్పు కాదు, ఆమెకిచ్చిన లిస్టు ఆమె చదివింది.

జూలై 9న అకౌంట్స్ కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్కడ కూర్చునే తమ్ముడు మంచివాడు. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించాడు. నిర్ణీత ఫీజు 56,000, రాయితీ దగ్గర సున్నా, కట్టింది 20,000, బకాయి 36,000. "పైనుంచి నాకు ఏం చెప్పలేదక్కా. ఇప్పటికైతే డ్యూ డేట్ జరుపుతా, మళ్ళీ మెసేజ్ రాదు" అన్నాడు. సాయం చేద్దామనే అన్నాడు. కానీ నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజంతా నేను చేసే పని ఇదే.

మా కౌంటర్‌లో డాక్టరు గారు పేషెంటుకి "సగం తీసుకుంటాంలే" అని చెబుతారు. నేను బిల్లులో డిస్కౌంట్ గడిలో ఆ మొత్తం వేసి, ఎవరు ఇమ్మన్నారో పేరు రాస్తేనే అది డిస్కౌంట్. ఆ గడి ఖాళీగా ఉంచి సగం డబ్బే తీసుకుంటే, మిగతా సగం ఆ పేషెంటు పేరు మీద అప్పుగా నిలబడుతుంది. కౌంటర్ దగ్గర ఇద్దరూ సంతోషంగానే వెళ్ళిపోతారు, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు కంప్యూటర్ పాత బాకీ చూపిస్తుంది. ఇచ్చిన డాక్టరు అప్పటికి ఉండకపోవచ్చు. పాప విషయంలో డ్యూ డేట్ జరపడం సరిగ్గా ఇలాంటిదే. మెసేజ్ ఆగుతుంది, బకాయి మాత్రం అలాగే ఉంటుంది. నేను జనవరికి 12,000 కట్టేసినా లెక్కలో ఇంకా 24,000 మిగిలి ఉంటుంది. మార్చిలో సంవత్సరం ముగిసినప్పుడు అది 9వ తరగతి ఫీజు కార్డులోకి "పాత బకాయి"గా ఎక్కుతుంది. పదో తరగతిలో హాల్ టికెట్టు ఇచ్చే రోజుకి మూడేళ్ళ సగం ఫీజు ఒక్కచోట చేరి ఉంటుంది. అప్పటికి మీరు బదిలీ అయినా, అకౌంట్స్ తమ్ముడు ఉద్యోగం మారినా, కొత్తగా వచ్చినవాళ్ళు నమ్మేది స్క్రీన్‌నే.

కాబట్టి నేను అడిగేది పెద్ద పని కాదు. బడి లెటర్‌హెడ్ మీద రాయితీ ఆర్డర్ ఒకటి కావాలి. పాప అడ్మిషన్ నంబరు, ట్యూషన్ ఫీజులో సగం అన్న మాట, ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, వాయిదాల తేదీలు అందులో ఉంటే చాలు. కింద మీ సంతకం, కరస్పాండెంట్ గారి సంతకం. ఆ ఆర్డర్ కాపీ అకౌంట్స్‌కి వెళ్ళాలి. వాళ్ళు రాయితీ గడిలో 24,000 వేయాలి. అప్పుడు స్క్రీన్ మీద బకాయి 12,000 కనపడుతుంది. అది కనపడిన రోజే నా పని అయినట్టు. అక్టోబరులో నేను ఆరు వేలు కట్టినప్పుడు ఇచ్చే రసీదు మీద కూడా మిగిలింది 6,000 అని ఉండాలి. 30,000 అని ఉంటే రాయితీ ఎక్కనట్టే. అలా ఉన్న రసీదు తీసుకోకుండా అక్కడికక్కడే అడుగుతాను. ఈ ఉత్తరం చదివే మిగతా తల్లిదండ్రులకు కూడా ఇదే చెబుతున్నాను, రసీదు చేతికి రాగానే అన్నిటికన్నా ముందు మిగిలిన బకాయి ఎంతుందో చూసుకోండి.

లేదా ఇంకా సులువుగా, నేను రాసింది సరిగ్గా ఉందనిపిస్తే, ఈ ఉత్తరం కిందే "పై విషయాలు సరైనవే" అని రాసి, గంట మోతలో పోయిన మాటకీ హాజరు సంగతికీ టీసీ సంగతికీ ఒక్కో వాక్యం జవాబు రాసి, సంతకం, ముద్ర వేసి ఇచ్చినా నాకు చాలు. నేను తప్పుగా విన్నది ఏదైనా ఉంటే దాన్ని కొట్టేసి సరిచేయండి. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని కొందరు రాయమన్నారు. నేను అలా రాయడం లేదు. మీరు పలక్కపోయినంత మాత్రాన ఒప్పుకున్నట్టు అయిపోదని లాయరు గారే చెప్పారు. నాకు కావాల్సింది మీ సంతకం. జూలై 19, శనివారం మధ్యాహ్నం రెండింటికి నా డ్యూటీ అయిపోతుంది. నేరుగా బడికే వస్తాను. ఆ తర్వాత సోమవారం బోనాల సెలవు కాబట్టి ఆ లోపే అయితే బాగుంటుంది. ఆ రోజు మీరు ఊళ్ళో లేకపోతే ఇంకో రోజు చెప్పండి, సెలవు పెట్టుకుని వస్తాను.

ఈ లోపు ఒక్క పని మాత్రం ఈ రోజే చేయండి మేడమ్. బకాయి లిస్టులోంచి పాప పేరు తీయించండి. సోమవారం ఉదయం మళ్ళీ పేర్లు చదువుతారని చెప్పింది. నిన్న రాత్రి "సోమవారం కడుపునొప్పి అని చెప్పి మానేస్తానమ్మా" అని అడిగింది. ఏడేళ్ళుగా మీ బడికి వస్తున్న పిల్ల మానేస్తాననడం ఇదే మొదటిసారి.

దీనితో పాటు ఈ సంవత్సరం ఫీజు కార్డు, జూన్ 12 నాటి రసీదు, యాప్ మెసేజ్ జిరాక్స్, రికార్డింగులోని ఫీజు మాటలు నేను నిమిషాలవారీగా రాసుకున్న రెండు పేజీలు జతచేశాను.

ఇట్లు,
మీ 8వ తరగతి బి సెక్షన్ విద్యార్థిని తల్లి